పెంకుల కప్పు మీద చిమ్నీ, గోడ, స్కైలైట్ దగ్గర నీళ్లు కారకుండా ఫ్లాషింగ్ వేసుకునే పద్ధతి

"పెంకులన్నీ మార్పించాం, చిమ్నీ చుట్టూ రెండుసార్లు సిమెంటు కొట్టించాం, అయినా వాన పడితే వంటింటి గోడ మీదికి నీళ్లు దిగుతున్నాయి, ఏం చేయాలి?" అని ప్రతి నవంబరులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. మన తిరుపతి, చిత్తూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అదీ బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు గాలితో కలిసి పక్క నుంచి కొడతాయి. ఆ వానకు పెంకు తట్టుకుంటుంది. పెంకు ఆగిపోయి గోడ మొదలయ్యే చోటు తట్టుకోదు. అక్కడ వేసే రేకునే ఫ్లాషింగ్ అంటాం.

ఇందులో ఎక్కువ భాగం చిమ్నీ గురించే రాస్తున్నాను. చిమ్నీకి కింద, పక్క, వెనక అన్ని వైపులా పని ఉంటుంది కాబట్టి అది చేయడం వస్తే గోడ, స్కైలైట్ సులువు. ఉదాహరణకు చిత్తూరు దగ్గర పల్లెలో మా పెద్దమ్మ ఇంటి చిమ్నీ తీసుకుంటాను. మంగళూరు పెంకుల కప్పు, అడుగుకు 7 అంగుళాల వాలు, అంటే దాదాపు 30 డిగ్రీలు. ఇటుకల చిమ్నీ కొప్పుకు సమాంతరంగా 34 అంగుళాల వెడల్పు, వాలు దిశలో 22 అంగుళాల లోతు. మీ కొలతలు వేరే ఉంటాయి, లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

1. కారేది ఫ్లాషింగ్ దగ్గరేనా, ముందు తేల్చుకోండి

వాన మొదలైన పది, పదిహేను నిమిషాల్లో లోపల చుక్క పడితే నీళ్లు సూటిగా ఏదో సందులోంచి వస్తున్నట్టు. అది చాలావరకు ఫ్లాషింగ్ తప్పే. గంటల తరబడి వాన పడ్డాక, ఒక్కోసారి వాన ఆగాక గోడ మీద చెమ్మ కనిపిస్తే మాత్రం ఇటుకే నీళ్లు తాగి కిందికి దింపుతోందని అర్థం. అప్పుడు చిమ్నీ నెత్తిన ఉన్న సిమెంటు మూత పగిలిందేమో చూడాలి.

పగటిపూట అటక మీదికి ఎక్కి టార్చి వేసి వాసాలు చూడండి. నీటి మరక ఎక్కడ మొదలైందో చూడాలి, చుక్క ఎక్కడ పడిందో కాదు. నీళ్లు వాసం పట్టుకుని మూడు నాలుగు అడుగులు కిందికి వచ్చి అక్కడ రాలతాయి, మనం ఆ రాలిన చోట పైన పెంకు మారుస్తూ ఉంటాం.

2. సిమెంటు గోలా ఎందుకు నిలవదు

చిమ్నీ తన పునాది మీద తాను నిలబడి ఉంటుంది. కప్పు చెక్క వాసాల మీద ఉంటుంది. చెక్క వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, బరువుకు కొంచెం కుంగుతుంది. ఇటుక అలా కదలదు. ఈ రెంటినీ కలిపి మూలలో సిమెంటును గుండ్రంగా దిద్ది గోలా కడితే అది ఒక వేసవిలో వెంట్రుక మందం పగులుతుంది. ఆ పగులు చాలు.

సిలికాన్ కొట్టేస్తే పోతుందని చెప్పే మేస్త్రీలు ఉన్నారు. సిలికాన్ ఒక్కటే ఆధారమైన చోట అది ఊడిన రోజే కారుతుంది. రేకు తన వాలుతో నీటిని బయటికి తోలాలి, సిలికాన్ కేవలం గాడి మూతకే.

అందుకే ఫ్లాషింగ్ రెండు ముక్కలు. కింది ముక్క కప్పుకు బిగించి ఉంటుంది, దాని అంచు చిమ్నీ గోడ వెంట 6 అంగుళాలు పైకి లేచి నిలబడుతుంది కానీ గోడకు అంటదు. పై ముక్క గోడలో కోసిన గాడిలో ఇరుక్కుని, కింది ముక్క మీదికి 4 అంగుళాలు జారుతుంది. కప్పు కదిలితే ఒకదాని వెనక ఒకటి జారతాయి, ఏదీ చిరగదు. ఈ రెంటినీ కలిపి రివెట్ కొడితే మళ్లీ సిమెంటు గోలా కథే.

3. సామాను, సమయం

ఫిబ్రవరి నుంచి మే లోపు చేయించండి. గోడ పూర్తిగా ఆరి ఉంటుంది, సీలెంట్ పట్టుకుంటుంది. ఎండ ముదిరే లోపు, పొద్దున ఆరు నుంచి పది వరకే పని పెట్టుకోండి, రేకు కాలితే చెయ్యి పెట్టలేరు.

- 24 గేజ్ జీఐ రేకు. రేకుల షాపులో వంచే మిషను ఉన్నచోటే కొనండి, సుత్తితో వంచితే గీత నిటారుగా రాదు, వంపు దగ్గర జింకు పూత లేచిపోతుంది.
- కింది వైపుకు మాత్రం చేత్తో ఒత్తితే వంగే అర మిల్లీమీటరు మెత్తటి అల్యూమినియం రేకు.
- పాలీయురెథేన్ సీలెంట్, లేదా న్యూట్రల్ అని రాసి ఉన్న సిలికాన్. వినిగర్ వాసన కొట్టే చవక సిలికాన్ వద్దు, దాని ఆమ్లం జీఐ రేకును తింటుంది, సిమెంటుకు సరిగా అంటదు.
- తారు పెయింటు ఒక చిన్న డబ్బా.
- గ్రైండర్, రేకు కత్తెర, రివెట్ గన్, రంగు దారం, బ్యుటైల్ టేపు.
- వాసాల మీద పరవడానికి పలకల నిచ్చెన, నడుముకు తాడు.

తారు పెయింటు ఎందుకంటే, తడి సిమెంటు జింకునూ అల్యూమినియాన్నీ రెంటినీ తినేస్తుంది. సిమెంటు తగిలే ప్రతి అంచుకూ ముందే పూసి ఆరనివ్వండి.

4. కొలిచి కత్తిరించడం

చిమ్నీ చుట్టూ రెండు వరసల పెంకులు తీసి పక్కన పేర్చండి. పాత సిమెంటంతా చెక్కేయండి. దాని మీదే కొత్త రేకు వేయకండి.

వాలు వెంట చిమ్నీ పొడవు 22 అంగుళాలు కాదు, కప్పు ఏటవాలుగా ఉంది కాబట్టి 25 అంగుళాల పైనే వస్తుంది. టేపును కప్పు వెంటే పట్టి కొలవండి, లెక్కే అక్కర్లేదు. మా పెద్దమ్మ ఇంటికి తీసుకున్న ముక్కలు ఇవి.

- కింది రేకు: పొడవు 46 అంగుళాలు (34కి రెండు వైపులా ఆరేసి). వెడల్పు 12న్నర: గోడ మీదికి 6, పెంకు మీదికి 6, చివర మడతకు అర.
- పక్క రేకులు రెండు: పొడవు 36. వెడల్పు పదిన్నర: గోడ మీదికి 6, పెంకు కిందికి 4, చివర పైకి మడవడానికి అర.
- వెనక రేకు: 7వ అంశంలో చెప్తాను.
- పై రేకులు: వెడల్పు 6న్నర. గాడిలోకి 1, కిందికి 5, చివర బయటికి వంపు అర.

ఏ రేకూ అంచు కోసినట్టే వదలకండి, అర అంగుళం మడవండి. నీళ్లు మడత దగ్గర ఆగుతాయి, చెయ్యి కోసుకోదు. తిరుపతి కొండ పక్క కాలనీల్లో ఇంకో కారణం కూడా ఉంది, లేచిన అంచు దొరికితే కోతులు పట్టుకుని లాగుతాయి.

5. మొదట కింది వైపు

ఎప్పుడూ కింది నుంచి పైకే. పైన వేసిన ప్రతి ముక్కా తన కింది ముక్క మీదికి రావాలి. వరస తప్పితే ఎంత ఖరీదైన సామానైనా వృథా.

చిమ్నీ కింద ఉన్న పెంకుల వరస మీద అల్యూమినియం రేకు పరిచి, పెంకు గాళ్లలోకి చేత్తో, చెక్క ముక్కతో మెల్లగా ఒత్తండి. గట్టిగా కొడితే చిరుగుతుంది. దాని పై అంచు చిమ్నీ గోడ వెంట 6 అంగుళాలు లేవాలి. రెండు చివర్లూ చిమ్నీ మూల దాటి ఆరేసి అంగుళాలు పక్కకు పోవాలి. మూలల్లో కత్తిరించకుండా మడవండి. కత్తిరించక తప్పకపోతే ఆ చీలిక కింద బ్యుటైల్ టేపు వేయండి.

6. పక్కలు: ఎక్కువమంది తప్పు చేసే చోటు

పక్క రేకు చిన్న కాలవలాంటిది. ఒక అంచు చిమ్నీ గోడ వెంట లేస్తుంది, నాలుగు అంగుళాల అడుగు పెంకుల కిందికి పోతుంది, చివరి అర అంగుళం పైకి మడిచి ఉంటుంది కాబట్టి నీళ్లు పక్కకు పొర్లి అటక మీద పడవు. దీన్ని రీపర్లకు మేకు కొట్టాలంటే ఆ పైకి మడిచిన అంచుకు అవతలే కొట్టాలి, అదీ రేకు ముక్కతో చేసిన క్లిప్పుతో. కాలవ అడుగున మేకు పడితే ఆ బెజ్జమే లీకు.

ఇప్పుడు అసలు విషయం. ఈ కాలవ పెంకుల కింద వస్తోంది. కింది చివర అది ఎక్కడ తేలుతుంది? చాలామంది మేస్త్రీలు దాన్ని అలాగే కింది పెంకుల అడుగుకు వదిలేస్తారు. పైనుంచి చూస్తే ఎంతో నీటుగా కనిపిస్తుంది. నీళ్లు మాత్రం సూటిగా అటకలోకి పోతాయి. మా పెద్దమ్మ ఇంట్లో జరిగింది ఇదే. అంతకు ముందు ఒక మేస్త్రీ మంచి రేకే వేశాడు, కొలతలూ తప్పు లేవు, కాలవ చివరి నాలుగు అంగుళాలు ఒక పెంకు కింద దాక్కుని ఉన్నాయి, అంతే. "బక్కెట్టు పెట్టీ పెట్టీ చెయ్యి పడిపోతా ఉంది నాయనా" అని ఆమె చెప్పినప్పుడు నేను కూడా మొదట పై వైపే వెతికాను.

కాలవ చివర కింది రేకు మీదికి, అంటే పెంకుల పైకి, కనీసం 4 అంగుళాలు రావాలి. 36 అంగుళాల పొడవు అందుకే తీసుకున్నాం: 26 చిమ్నీ పక్కన, 4 కింద, 6 పైన. కింద అడ్డం వచ్చే రీపరును కొంచెం చెక్కి వాటం ఇస్తే కాలవ సాఫీగా పైకి తేలుతుంది.

తర్వాత పక్క పెంకులు కోసి పెట్టండి. చిమ్నీ గోడకు ఆనించి కోయకండి, అంగుళం నుంచి అంగుళంన్నర సందు వదలండి. వేపాకు, చెత్త పడినా వానకు కొట్టుకుపోతుంది. ఆ సందు చూడటానికి బాగోలేదని సిమెంటుతో పూడ్చేవాళ్లు ఉన్నారు. పూడిస్తే కాలవ మూసుకుని నీళ్లు పొర్లుతాయి.

7. వెనక వైపు: నీళ్లను చీల్చాలి

కొప్పు నుంచి దిగే నీళ్లన్నీ చిమ్నీ వీపుకు తగిలి ఆగుతాయి, ఆకులూ అక్కడే చేరతాయి. చిమ్నీ వెడల్పు 30 అంగుళాలు దాటితే వెనక చిన్న రెండు వాలుల గూడు కట్టాలని అమెరికా ఇళ్ల నిర్మాణ నిబంధనల్లో ఉంది. ఆ అంకె మనకూ పనికొస్తుంది. 30 లోపైతే 6 అంగుళాల వెడల్పు కాలవ చాలు.

మాది 34, కాబట్టి గూడు. ఎత్తు లెక్క తేలిక: వెడల్పులో సగం 17 అంగుళాలు, అడుగుకు 7 అంగుళాల వాలుతో దాదాపు 10 అంగుళాలు. చిమ్నీ వీపు మధ్యలో కప్పు మట్టం నుంచి 10 అంగుళాల ఎత్తులో గుర్తు పెట్టి, అక్కడి నుంచి కప్పు వైపు అడ్డంగా ఒక చిన్న కర్ర, రెండు పక్కలకూ పలకలు. ఒక్క జాగ్రత్త: చెక్క ఏదీ చిమ్నీ ఇటుకకు తగలకూడదు, 2 అంగుళాల ఎడం ఉండాలి. కట్టెల పొయ్యి చిమ్నీ ఏళ్ల తరబడి కాలితే చెక్క మెల్లగా ఎండి అంటుకునే స్థితికి వస్తుంది. ఆ ఎడాన్ని రేకే దాటుతుంది.

పలకల మీద రేకు రెండు ముక్కలుగా వేసి, మధ్య శిఖ దగ్గర ఒకదాని మీద ఒకటి మడిచి, బ్యుటైల్ టేపు పెట్టి రివెట్ కొట్టండి. చిమ్నీ వైపు 6 అంగుళాలు లేవాలి, కప్పు వైపు పెంకుల కిందికి 10 అంగుళాలు పోవాలి. రెండు పక్కల చివర్లూ పక్క కాలవల మీదికి దిగాలి, కిందికి కాదు.

8. గాడి, పై రేకు

కప్పు మట్టం నుంచి, వెనక అయితే గూడు మట్టం నుంచి, 7 అంగుళాల ఎత్తులో రంగు దారంతో గీత కొట్టి గ్రైండర్‌తో అంగుళం లోతు గాడి కోయండి. గోడకు పూత ఉంటే ఆ పూత మందం లెక్కలోకి రాదు, గాడి ఇటుకలోకి అంగుళం పోవాలి. పూత మీదే రేకు అంటించి స్క్రూ కొడితే పూత వెనక దిగే నీళ్లు రేకు వెనక్కే పోతాయి.

గాడిలో దుమ్ము ఊది తీసేయండి. పై రేకు అంచు పెట్టి, చిన్న రేకు ముక్కల్ని మడిచి అడుగున్నరకు ఒకటి చొప్పున గాడిలోకి గట్టిగా కొట్టండి, రేకు వాటి బిగువుకే నిలబడాలి. ఆ తర్వాతే సీలెంట్. వరస మళ్లీ అదే: ముందు కింది వైపు, తర్వాత పక్కలు, చివర వెనక. పక్కవి మూల తిరిగి కింది దాని మీదికి 3 అంగుళాలు రావాలి.

రేకు పొడవు ఎక్కువైతే పది అడుగులకు మించి ఒకే ముక్క వద్దు. మన మే ఎండకు రేకు పొద్దుటి కంటే 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది, అప్పుడు పది అడుగుల జీఐ దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు, అల్యూమినియం మూడు మిల్లీమీటర్లకు దగ్గరగా సాగుతుంది. జాయింటు దగ్గర 4 అంగుళాలు ఒకదాని మీద ఒకటి వేసి సీలెంట్ పెట్టండి, రివెట్ వద్దు.

9. గోడకు ఆనుకున్న కప్పు, మిద్దె మీది రేకుల షెడ్డు

గోడ పక్కన కప్పు వాలుగా దిగుతుంటే 6వ అంశంలోని కాలవే. కప్పు పై అంచు గోడకు ఆనుకుంటే 5వ అంశంలోని రేకే.

తిరుపతిలో ఎక్కువగా అడిగేది మిద్దె మీద మెట్ల గది గోడకు ఆనించి వేసిన కలర్ రేకుల షెడ్డు గురించి. అక్కడ ఫ్లాషింగ్ రేకుల మీదే వస్తుంది. పై అంచు దగ్గర రేకుల గాళ్లలో స్పాంజి ఫిల్లర్ పెట్టి దాని మీద వేయండి, లేదంటే గాలివాన ఎదురు కొట్టి లోపలికి తోస్తుంది. పక్క గోడ దగ్గర ఫ్లాషింగ్ ఒక మిట్ట దాటి అవతల పల్లంలోకి దిగాలి. మిట్ట మీదే ఆగితే సగం పనే.

చూరు దగ్గర ఆ ఫ్లాషింగ్ చివరను గోడకు దూరంగా బయటికి వంచండి. వంచకపోతే పై నీళ్లన్నీ ఆ ఒక్క మూల గోడ మీదికే పోయి, రెండేళ్లలో పూత బొబ్బలు లేచి ఊడుతుంది.

10. స్కైలైట్

అద్దం పెంకు వేసుకుంటే ఫ్లాషింగే అక్కర్లేదు, అది మామూలు పెంకులాగే కూర్చుంటుంది. వెలుతురు చాలినంత వరకు నేను అదే వేసుకోమంటాను.

పెట్టె స్కైలైట్ అయితే చుట్టూ చట్రం కప్పు మీదికి 6 అంగుళాలు లేవాలి. ఆ చట్రాన్ని చిన్న చిమ్నీ అనుకుని కింద, పక్కలు, పైన అదే వరసలో చేయండి. ఇక్కడ గాడి ఉండదు, స్కైలైట్ మూతే పై రేకు పని చేస్తుంది, కాబట్టి మూత అంచు చట్రం వెంట లేచిన రేకుల మీదికి కనీసం 2 అంగుళాలు దిగాలి. మూతకు కింది వైపు చిన్న బెజ్జాలు ఉంటే సీలెంట్‌తో మూయకండి, లోపల పట్టిన చెమ్మ బయటికి పోయే దారి అదే. వాన లేని చలి పొద్దుల్లో అద్దం నుంచి చుక్క పడితే అది లీకు కాదు, వంటింటి ఆవిరి.

11. నీళ్లు పట్టి చూడటం

సీలెంట్ రెండు రోజులు ఆరాక ఒకరు అటకలో టార్చితో, ఒకరు పైన పైపుతో. కింది వైపు పది నిమిషాలు, తర్వాత ఒక పక్క, తర్వాత రెండో పక్క, చివర వెనక. ముందే పైన పట్టేస్తే అన్నీ తడిసి ఎక్కడ లీకో తెలియదు. పైపును పైనుంచి కిందికి చూపండి, పెంకుల కిందికి ఎదురు కొట్టకండి, ఏ కప్పూ దానికి ఆగదు.

మేస్త్రీకి డబ్బు ఇచ్చే ముందు ఇవి చూడండి.

- పక్క కాలవ చివర పెంకు పైకి తేలిందా?
- పై రేకును వేలితో మెల్లగా కదిపితే కింది దాని మీద జారుతోందా? జారకపోతే ఎక్కడో రివెట్ పడింది.
- కాలవ అడుగున మేకు ఉందా?
- పెంకుకు, చిమ్నీకి మధ్య సందు తెరిచి ఉందా?
- చెక్క చిమ్నీకి 2 అంగుళాల దూరంలో ఉందా?

12. అన్నీ సరిగా వేసినా చెమ్మ ఉంటే

పెద్దమ్మ ఇంట్లో నీళ్ల పరీక్షలో ఒక్క చుక్క పడలేదు. కానీ ఆ నవంబరులో రెండు రోజుల ముసురు తర్వాత పొయ్యి పైన గోడ మళ్లీ నల్లబడింది. ధారగా కాదు, చెమ్మగా. పైకి ఎక్కి చూస్తే చిమ్నీ నెత్తిన సిమెంటు మూతలో బొటనవేలు పట్టేంత బీట ఉంది, మూత అంచు కూడా ఇటుక మట్టంలోనే ఆగిపోయింది. నీళ్లు ఇటుకలోకి దిగి, గాడి వెనక నుంచే ఫ్లాషింగ్‌ను దాటుకుని వస్తున్నాయి.

మూత పగలగొట్టి 3 అంగుళాల మందం కాంక్రీటుతో కొత్తది పోయించాం, చుట్టూ 2 అంగుళాలు బయటికి, అడుగున నీళ్లు తెగి పడేలా వేలంత గాడి తీశాం, పైన బయటికి వాటం ఇచ్చాం. గోడ ఆరడానికి సంక్రాంతి దాటింది. ఆరేదాకా సున్నం వేయకుండా ఆపాం. ఇప్పుడు ప్రతి సెప్టెంబరులో ఒకసారి ఎక్కి కాలవల్లో ఆకులు తీసి, గాడి సీలెంట్ ఎక్కడైనా విడిందేమో గోటితో గీకి చూసి వస్తాను, అరగంట పని.